సరిహద్దు జిల్లాల్లో చిన్న కంపెనీకి సోషల్ మీడియా పాలసీ: ఉద్యోగి సొంత అభిప్రాయం జోలికి పోకుండా రాయడం ఎలా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లు నడుపుతున్న షోరూములు, మిల్లులు, నర్సింగ్ హోముల నుంచి ఈమధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. "మా స్టాఫ్ వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఏదో ఒకటి పెడుతున్నారు, ఒక పాలసీ నమూనా ఉంటే పంపండి."

నెట్‌లో దొరికే నమూనాల్లో చాలావాటిలో ఒక వాక్యం కనిపిస్తుంది: "కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఎలాంటి పోస్టూ పెట్టరాదు." గొడవంతా అక్కడే మొదలవుతుంది. ప్రతిష్ఠ అంటే ఏమిటో, భంగం కలిగిందని ఎవరు తేలుస్తారో అందులో ఉండదు. యజమానికి కోపం వచ్చిన ప్రతి పోస్టూ అందులోకి వచ్చేస్తుంది. రేపు విచారణలో నిలబడాల్సి వస్తే ముందు కూలిపోయేదీ ఆ వాక్యమే.

ఇక్కడ నూటయాభై మంది లోపు సిబ్బంది ఉన్న కంపెనీని దృష్టిలో పెట్టుకుని, పాలసీని ఏ వరసలో రాయాలో చెబుతున్నాను. ఉదాహరణగా పంపుసెట్లు, ట్రాక్టర్లు అమ్మే ఒక డీలరును అనుకుందాం. షోరూం పర్లాకిమిడిలో ఉంది. గుణుపురంలో ఒక బ్రాంచి, హద్దుకు అవతల పాతపట్నంలో ఇంకొకటి ఉన్నాయి. కస్టమర్లు రెండు రాష్ట్రాలవాళ్లు, స్టాఫ్‌లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఉన్నారు.

## 1. రాయడానికి ముందు సర్దుకోవాల్సినవి

పాలసీ రాయడానికి కూర్చునే ముందు ఈ వివరాలు టేబుల్ మీద ఉండాలి.

- గత ఏడాది రెండేళ్లలో పోస్టుల వల్ల నిజంగా వచ్చిన ఇబ్బందులు: ఏం పెట్టారు, ఎవరికి ఏం నష్టం జరిగింది
- కంపెనీ పేరుతో ఉన్న పేజీలు, వాట్సాప్ బిజినెస్ నంబర్లు, వాటి పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉన్నాయి
- ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్
- స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఉద్యోగ నియమాల రాతప్రతి, ఉంటే వాటి కాపీ

మొదటిది చాలామంది దాటేస్తారు. అదే ముఖ్యం. జరిగిన ఇబ్బందులు రాసి చూస్తే, ఎక్కువ భాగం ఉద్యోగుల అభిప్రాయాల వల్ల వచ్చినవి కావని తెలుస్తుంది. కస్టమర్ ఆధార్ కార్డు ఫోటో గ్రూపులోకి పోవడం, మానేసిన కుర్రాడి ఫోన్‌లోనే కంపెనీ పేజీ ఉండిపోవడం, ధర తప్పుగా పెట్టడం లాంటివే ఉంటాయి. పాలసీ వీటికోసం రాయాలి.

రెండోదానిలో కుటుంబ వ్యాపారాలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కంపెనీ పేజీ తరచూ యజమానిగారి అబ్బాయి సొంత అకౌంటుతో ముడిపడి ఉంటుంది. ఆయన రాత్రి పూట పెట్టే రాజకీయ పోస్టు పొరపాటున కంపెనీ పేరు మీద వెళ్లిపోతుంది. మెకానిక్ స్టేటస్ కంటే ఇది ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే పాలసీ మొదటి వాక్యంలోనే "యజమాని కుటుంబ సభ్యులతో సహా అందరికీ" అని రాయండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి. మీది అంతకంటే చిన్నదైతే మీ చేతిలో ఉన్న ఆధారం అపాయింట్‌మెంట్ లెటర్, ఉద్యోగి సంతకం చేసిన పాలసీ, సరిగ్గా జరిపిన విచారణ. పాతపట్నం బ్రాంచి ఆంధ్రలో ఉంది కాబట్టి అక్కడి రాష్ట్ర నిబంధనలు వేరు. పాలసీ ఒకటే అయినా లేబర్ లాయరుకు చూపించేటప్పుడు రెండు రాష్ట్రాల సంగతీ చెప్పండి.

## 2. ముందు ఆ మాట ఎవరిదో తేల్చండి

ఏ పోస్టునైనా మూడింటిలో ఒకదాని కిందికి తేవచ్చు.

మొదటిది కంపెనీ మాట. కంపెనీ పేజీ, కంపెనీ నంబరు, షోరూం స్టేటస్ ఇవన్నీ కంపెనీవే. ఇక్కడ యాజమాన్యానికి పూర్తి పట్టు ఉంటుంది. ఎవరు పెట్టాలి, ఎవరు చూసి సరేననాలి, తప్పు జరిగితే ఎవరు తీసేయాలి అన్నవి పేర్లతో సహా రాసుకోవచ్చు.

రెండోది ఉద్యోగం వల్ల తెలిసిన విషయాన్ని ఉద్యోగి తన అకౌంటులో పెట్టడం. కస్టమర్ల బాకీలు, డీలర్ మార్జిన్, వర్క్‌షాప్ లోపలి ఫోటోలు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ కంపెనీకి సగం పట్టు ఉంటుంది, అదీ సమాచారం వరకే.

మూడోది ఉద్యోగి సొంత మాట. రాజకీయం, మతం, భాష, రాష్ట్రాల గొడవ, ఊరి ఎన్నికలు, సినిమా హీరోలు. ఇక్కడ కంపెనీకి పనేమీ లేదు. వాళ్లు మీ దగ్గర జీతం తీసుకుంటున్నది రోజుకు ఎనిమిది గంటల పనికి. ఆ జీతంలో వాళ్ల నోరు కలిసి లేదు.

పాలసీలో ఈ మూడింటినీ ఇదే వరసలో రాయండి. ఏ నియమం దేనికి వర్తిస్తుందో చదివేవాళ్లకు వెంటనే తెలియాలి.

## 3. నిషేధాలు తక్కువ రాయండి, నష్టం చూపగలిగినవే రాయండి

ఒక్కో నిషేధం రాసేటప్పుడు మిమ్మల్ని మీరు ఇలా అడగండి: దీన్ని మీరితే ఎవరికి ఏ నష్టం జరుగుతుందో ఒక్క వాక్యంలో చెప్పగలనా? చెప్పలేకపోతే కొట్టేయండి. డీలరు కంపెనీకి ఈ ఐదు సరిపోతాయి.

- కస్టమర్ పేరు, ఫోన్, బాకీ, లోన్ కాగితాలు, ఫోటో అనుమతి లేకుండా ఎక్కడా పెట్టరాదు.
- బయటికి చెప్పని ధరలు, కొటేషన్లు, సరఫరాదారులతో ఒప్పందాల వివరాలు బయటపెట్టరాదు.
- అనుమతి లేకుండా కంపెనీ తరఫున మాట్లాడుతున్నట్టు రాయరాదు.
- తోటి ఉద్యోగినిగానీ కస్టమర్‌నుగానీ కులం, మతం, భాష, ఊరు, ఆడ మగ పేరుతో తిట్టరాదు, బెదిరించరాదు.
- అబద్ధమని తెలిసి కంపెనీ వస్తువుల గురించి, సేవల గురించి ప్రచారం చేయరాదు.

నాలుగోదానిలో గీత జాగ్రత్తగా గీయాలి. "ఫలానా నది మీద బ్యారేజీ కట్టకూడదు" అన్నది అభిప్రాయం. "ఆ ఊరివాళ్లంతా దొంగలు" అన్నది అక్కడి కస్టమర్ల మీద తిట్టు. పాలసీలో ఇలాంటి రెండు వాక్యాలు పక్కపక్కన ఉదాహరణగా ఇస్తే, పేజీడు వివరణ కంటే బాగా అర్థమవుతుంది.

ఐదోదానిలో "అబద్ధమని తెలిసి" అన్న మాట తీసేయకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా చెబుతూనే, ప్రజల మేలుకోసం చెప్పిన నిజాన్ని మినహాయించింది. చట్టం మినహాయించినదాన్ని మీ పాలసీ నేరం చేయకూడదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల విషయంలో కొత్తగా ఏమీ రాయక్కర్లేదు. ఫిర్యాదులో ఏముందో, ఫిర్యాదు చేసినవాళ్లెవరో, విచారణ వివరాలేమిటో బయటపెట్టకూడదని 2013 నాటి చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి ఒక్క లైనులో గుర్తుచేయండి.

## 4. ముట్టుకోనివి కూడా పాలసీలోనే రాయండి

ఎక్కువ పాలసీల్లో ఈ భాగమే ఉండదు. "ఇవి చేయకండి" అని రాసినంత స్పష్టంగా "వీటి జోలికి మేం రాం" అని కూడా రాయాలి. అది లేకపోతే స్టాఫ్ అన్నింటికీ భయపడతారు, మేనేజర్లు అన్నింటికీ కోప్పడతారు. ఇలా రాయవచ్చు:

"ఉద్యోగి తన రాజకీయ, మత, భాషా, సామాజిక అభిప్రాయాలను తన సొంత అకౌంటులో చెప్పుకోవచ్చు. జీతం, పని గంటలు, సెలవులు, భద్రత గురించి మాట్లాడుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, యూనియన్‌లో చేరవచ్చు. వీటికి కంపెనీ చర్య తీసుకోదు."

జీతం సంగతి యజమానులకు మింగుడుపడదు. "రెండు నెలలుగా జీతం పడలేదు" అని ఒక హెల్పర్ ఫేస్‌బుక్‌లో రాస్తే పరువు పోయిందని బాధపడతారు. అది నిజమైతే పోస్టు తీయించడం దానికి మందు కాదు, జీతం వేయడమే మందు. పైగా కార్మికులు సంఘంగా కూడడాన్ని అడ్డుకోవడం, అందుకోసం వేధించడం కార్మిక చట్టం కింద అనుచిత చర్య. ఆ పోస్టు మీద మెమో ఇస్తే మీ మీద సాక్ష్యం మీ చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది.

ప్రైవేటు గ్రూపుల గురించి ఒక తీర్పు తెలిసి ఉండాలి. 2023లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచి ముందుకు ఒక గ్రామీణ బ్యాంకు ఉద్యోగి కేసు వచ్చింది. పై అధికారుల నిర్ణయాలను వెక్కిరిస్తూ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు పెట్టాడని బ్యాంకు అతనికి చార్జి మెమో ఇచ్చింది. ఉద్యోగికి తన అసంతృప్తిని వెళ్లగక్కుకునే హక్కు ఉందని, గ్రూపు సభ్యుల మధ్యే ఉన్న మాటలు చట్టం హద్దు దాటనంతవరకు వాటి మీద చర్య కుదరదని చెప్పి కోర్టు ఆ మెమోను కొట్టేసింది. అలాంటి మాటలు సంస్థ పేరును నిజంగా దెబ్బతీసే దశకు వస్తే యాజమాన్యం కలగజేసుకోవచ్చనీ చెప్పింది. మద్రాస్ తీర్పుకు ఒడిశాలో కట్టుబడి తీరాలని లేదు, కానీ మీ ఉద్యోగి తరఫు లాయరు మొదట తీసే కాగితం అదే.

## 5. వాట్సాప్‌కు విడిగా ఒక పేజీ

నమూనాలన్నీ ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్ చుట్టూ తిరుగుతాయి. మన జిల్లాల్లో గొడవలు పుట్టేది వాట్సాప్‌లో. అందులోనూ మూడు చోట్లకు మూడు రకాల నియమాలు కావాలి.

ఆఫీసు గ్రూపు. బ్రాంచి పేరుతో మేనేజర్ పెట్టిన గ్రూపు పని చోటే. ఇక్కడ పని విషయాలే పెట్టాలని, ఫార్వర్డులు వద్దని నియమం పెట్టవచ్చు. నియమం మేనేజర్‌కు కూడా వర్తించాలి. మేనేజర్ రోజూ పొద్దున్నే తన పార్టీ నాయకుడి ఫోటో పెడుతూ ఉంటే మిగతావాళ్ల మీద ఆ నియమం ఇక నిలవదు.

సొంత గ్రూపులు. కుటుంబం, ఊరు, కులసంఘం, స్టాఫ్ తమలో తాము పెట్టుకున్నవి. వీటిలోకి మీరు వెళ్లకూడదు, ఎవరినీ గూఢచారిగా పెట్టకూడదు. "ఫోన్ చూపించు" అని అడగకూడదని పాలసీలోనే రాయండి. పాస్‌వర్డ్ అడగడం, స్టాఫ్ అకౌంట్లను ఫాలో అవ్వమని సూపర్‌వైజర్లకు చెప్పడం కూడా ఇదే కిందికి వస్తాయి.

స్టేటస్. ఇదే చిక్కైనది. 24 గంటల్లో పోతుంది కానీ స్క్రీన్‌షాట్ మిగులుతుంది. ఉద్యోగి సొంత నంబరే కస్టమర్లందరి దగ్గరా ఉంటుంది కాబట్టి అతని స్టేటస్ కస్టమర్లకూ కనిపిస్తుంది. దీనికి పరిష్కారం స్టేటస్‌ను కట్టడి చేయడం కాదు, నంబర్లు వేరు చేయడం. కస్టమర్లతో మాట్లాడే సేల్స్, సర్వీసు వాళ్లకు కంపెనీ సిమ్ ఇవ్వండి. సొంత నంబరు కస్టమర్లకు ఇవ్వొద్దని చెప్పండి. ఆ ఖర్చు పెట్టకుండా ఉద్యోగి సొంత నంబరుతో వ్యాపారం చేయించుకుంటూ, ఆ నంబరు స్టేటస్ మీద పెత్తనం చేయడం న్యాయం కాదు.

ఇక యూనిఫాం. కంపెనీ లోగో ఉన్న చొక్కాతో ప్రొఫైల్ ఫోటో, దాని కింద ఘాటైన రాజకీయ పోస్టు ఉంటే చూసేవాళ్లు రెండూ కలిపే చదువుతారు. ఇక్కడ కంపెనీ అడగగలిగేది ఒక్కటే: లోగో ఉన్న ఫోటోనైనా మార్చు, లేదా "ఇవి నా సొంత అభిప్రాయాలు" అనైనా రాసుకో. పోస్టు తీయమని అడగడానికి లేదు. సొంత అభిప్రాయమని రాసుకున్నంత మాత్రాన కస్టమర్ బాకీల చిట్టా పెట్టడం ఒప్పయిపోదని కూడా అక్కడే రాయండి.

## 6. ఫిర్యాదు వస్తే: ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

వంశధార మీద నేరడి బ్యారేజీ విషయంలో ఆంధ్ర, ఒడిశాల మధ్య ఏళ్ల తరబడి వివాదం నడుస్తోంది. మన డీలరు దగ్గర పనిచేసే మెకానిక్ ఒకరోజు సాయంత్రం "బ్యారేజీ కట్టాల్సిందే, కింద పొలాలు ఎండిపోతున్నాయి" అని స్టేటస్ పెట్టాడనుకుందాం. ప్రొఫైల్ ఫోటోలో కంపెనీ చొక్కా ఉంది.

మర్నాడు కాశీనగర్ వైపు రైతు ఒకాయన స్క్రీన్‌షాట్ యజమానికి పంపాడు. "అయ్యా, మీ మెకానిక్ ఇలా రాశాడు. వాణ్ని తీసేయకపోతే మా ఊరివాళ్లెవరం మీ దగ్గర కొనం" అన్నాడు.

మొదటి పని: ఆ గంటలో ఏమీ చేయకండి. ఆఫీసు గ్రూపులో మెకానిక్‌ను నిలదీయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. ఫిర్యాదును రిజిస్టరులో తేదీతో రాయండి, స్క్రీన్‌షాట్ దాచండి.

రెండో పని: మూడింటిలో ఏ కోవో చూడండి. ఇది సొంత అభిప్రాయం. కస్టమర్ సమాచారం లేదు, తిట్టు లేదు, కంపెనీ తరఫున అన్న మాట లేదు. ఉన్న లంకె చొక్కా ఒక్కటే.

మూడో పని: మెకానిక్‌తో మేనేజర్ విడిగా మాట్లాడాలి. "నీ అభిప్రాయం నీది బాబూ, దాని గురించి నేనేమీ అనను. ఆ ఫోటోలో మన చొక్కా ఉంది, అదొక్కటి మార్చు." "అలాగేనండి" అంటే అక్కడితో సరి. మెమో లేదు, సర్వీసు ఫైలులో ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

నాలుగో పని: రైతుకు జవాబు. "అది ఆ అబ్బాయి సొంత మాటండి, మా కంపెనీ మాట కాదు. మేం రెండు వైపుల రైతులకూ ఒకేలా సర్వీసు చేస్తున్నాం, మీ పంపు పనికి ఏ లోటూ రానివ్వం." ఇంతే. నది గొడవలో మీ అభిప్రాయం చెప్పకండి, మెకానిక్ తరఫున క్షమాపణ అడగకండి. అడిగితే అది కంపెనీ మాటేనని మీరే ఒప్పుకున్నట్టు.

ఇద్దరు ముగ్గురు కస్టమర్లు పోవచ్చు. కస్టమర్ అలిగాడన్న ఒక్క కారణంతో ఉద్యోగి తప్పు చేసినట్టు కాదు. ఆ భారం వ్యాపారం మోయాల్సిందేనని నా ఉద్దేశం. ఒకసారి అలా ఉద్యోగిని తీసేస్తే, రేపు పాతపట్నం వైపు కస్టమర్లు ఇంకో ఉద్యోగిని తీసేయమంటారు. అక్కడ ఆగడానికి మీకు కారణం దొరకదు.

ఇప్పుడు కేసు మలుపు తిరిగిందనుకోండి. ఇంకో స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆ వాదన ముదిరి, మెకానిక్ ఊరి గ్రూపులో "మాట్లాడతారు గానీ వీళ్లలో సగం మంది మా దగ్గర బాకీలే" అని నలుగురు రైతుల పేర్లు, బాకీలు పెట్టాడు. గ్రూపు ప్రైవేటుదే అయినా ఇది వేరే సంగతి. పేర్లు, బాకీలు ఉద్యోగం వల్ల తెలిసినవి, నష్టపోయినవాళ్లు కళ్లెదుట ఉన్నారు.

దీనికి వేరే ఫైలు తెరవండి. షోకాజ్ నోటీసులో ఏ నియమం, ఏ మెసేజీ, ఏ తేదీ అని రాసి, జవాబుకు వారం గడువివ్వండి. స్క్రీన్‌షాట్ అసలైనదేనా అని అడగండి, పంపినవాళ్లు గ్రూపు సభ్యులేనా చూడండి. స్క్రీన్‌షాట్‌లు మార్చడం పిల్లలకు కూడా వచ్చు. అతని మాట విన్నాకే నిర్ణయం. మొదటి తప్పయితే రాతపూర్వక హెచ్చరిక, కస్టమర్ల లెడ్జర్ కొన్నాళ్లు అతనికి అందకుండా చూడడం చాలు. ఆ నలుగురు రైతులకు మాత్రం కంపెనీ క్షమాపణ చెప్పాలి, ఎందుకంటే వాళ్ల వివరాలు కంపెనీ దగ్గర ఉంచినవి.

నోటీసులో బ్యారేజీ అన్న మాట ఎక్కడా రాకూడదు. వచ్చిందంటే అభిప్రాయానికి శిక్ష వేసి బాకీల సంగతి సాకుగా వాడుకున్నారని అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

పాలసీ ఇంగ్లీషులో మాత్రమే ఉండడం. స్టాఫ్ చదివే భాషల్లో ఇవ్వండి, ఇక్కడ తెలుగు, ఒడియా రెండూ. ఏ ప్రతిని ప్రామాణికంగా తీసుకోవాలో చివర్లో రాయండి. లోడింగ్, క్లీనింగ్ వాళ్లకు చదివి వినిపించి, వినిపించినవాళ్ల పేరు కూడా కాగితం మీద రాయండి.

పాత పోస్టులకు వర్తింపజేయడం. పాలసీ సంతకం తేదీ నుంచే అమలు. మూడేళ్ల కిందటి పోస్టులు తవ్వకండి.

ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఒక రూలు. యజమాని పార్టీకి అనుకూలంగా రాసినవాడిని వదిలేసి, వ్యతిరేకంగా రాసినవాడిని పిలిస్తే పాలసీ చిత్తుకాగితమే. రిజిస్టరు ఉంటే ఈ తేడా మీకే కనబడుతుంది.

మానేసినప్పుడు అకౌంట్లు తీసుకోకపోవడం. ఆఖరి రోజు సెటిల్‌మెంట్ కాగితంలోనే పేజీ అడ్మిన్, సిమ్, ఓటీపీ వచ్చే నంబరు అప్పగించినట్టు గడి పెట్టండి.

## 8. సంతకాలకు ముందు చూసుకోవాల్సిన జాబితా

- రెండు పేజీలు దాటలేదు
- ప్రతి నిషేధానికీ ఒక నష్టం, ఒక ఉదాహరణ ఉన్నాయి
- ముట్టుకోని విషయాల జాబితా నిషేధాల పక్కనే ఉంది
- "ప్రతిష్ఠ", "అనుచితం", "అభ్యంతరకరం" లాంటి మాటలు ఒంటరిగా ఎక్కడా లేవు
- ఫిర్యాదు ఎవరు తీసుకోవాలో, ఎవరు తేల్చాలో పేర్లున్నాయి, ఆ ఇద్దరూ ఒకరే కాదు
- యజమాని కుటుంబం కూడా సంతకం చేసింది

ఆరు నెలల తర్వాత రిజిస్టరు తిరగేయండి. ఒక్క ఫిర్యాదుకు కూడా పనికిరాని నియమం ఉంటే, అది అవసరమేనా అని బ్రాంచి మేనేజర్లను అడిగి, కాదంటే తీసేసి కొత్త తేదీతో మళ్లీ సంతకాలు తీసుకోండి. సొంత అభిప్రాయాల మీద వచ్చిన ఫిర్యాదులే ఎక్కువ కనిపిస్తే ముందు చూడాల్సింది స్టాఫ్ పోస్టుల వైపు కాదు, కస్టమర్ల దగ్గర ఇంకా ఎవరి సొంత నంబర్లున్నాయో చూడండి.